గోడ మీద రాసే ముందు

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ రోజు మేము ఒక గోడ గురించి మాట్లాడతాం.

పాడేరు ఏజెన్సీలో మా హాస్టల్ పక్క ఊరిలో ఒక పొదుపు సంఘం ఉంది. పదకొండు మంది అక్కలు. ఇంకొందరు చేరాలని గోడ మీద ఒక నినాదం రాయించాలనుకున్నారు. "మేడమ్, మీరే నాలుగు ముక్కలు రాసిపెట్టండి" అని మా దగ్గరికి వచ్చారు. టీచర్ ట్రైనింగ్ చేసినవాళ్లం, ఇదెంత పని అనుకున్నాం. పదో తరగతి పిల్లలతో కూర్చుని రాసేశాం: "పేద మహిళలారా! సంఘంలో చేరండి, నెలకు 50 రూపాయలు కట్టండి, బ్యాంకు రుణం పొందండి."

సంఘం కూర్చున్న రోజు చదివి వినిపించాం. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక పెద్దమ్మ అడిగింది: "మమ్మల్ని పేదలని గోడకెక్కిస్తే, రోజూ చదివేది మా పిల్లలే కదమ్మా?"

మాకు మాట రాలేదు. ఆ ఊరిలో గోడ మీద రాత మొదట చదివేది బడి పిల్లలే. అది కువిలోనో ఆదివాసీ ఒరియాలోనో అమ్మకు చెప్పేదీ వాళ్లే. ఒక కూతురు అమ్మ ముఖం చూసి చెప్పలేని మాట గోడ మీద ఉండకూడదు. "పేద" కొట్టేశాం. "చేరండి" అన్న ఆజ్ఞ కూడా తీసేశాం.

తర్వాత పుస్తకం రాసే అక్క రుణం మాట మీద వేలు పెట్టింది. చేరిన వెంటనే బ్యాంకు అప్పు రాదు. సంఘం కనీసం ఆరు నెలలు పద్ధతిగా నడవాలి. క్రమంగా కూర్చోవాలి, పొదుపు కట్టాలి, లోపల అప్పులిచ్చుకోవాలి, వాటిని తిరిగి కట్టాలి, పుస్తకం రాయాలి. ఈ ఐదూ చూశాకే బ్యాంకు ముందుకొస్తుంది. రుణం అని రాస్తే రుణం కోసమే వస్తారు, రెండో నెలకే విసుగొచ్చి మానేస్తారు.

మరి గోడ మీద ఏం చెప్పాలి? ఆ అక్క లెక్క చెప్పింది. పదకొండు మంది నెలకు 50 చొప్పున కడితే 550, ఆరు నెలలకు 3,300. అందులోంచి ఒకావిడ 2,000 తీసుకుంది. నూటికి రూపాయి వడ్డీ, మొదటి నెలకు 20 రూపాయలు. షావుకారు దగ్గర ఆమె కట్టింది నూటికి ఐదు, అంటే 100. పైగా ఈ 20 మళ్లీ సంఘం డబ్బులోనే కలుస్తుంది. గోడ చెప్పగల నిజం ఇదే, బ్యాంకు సంగతి కాదు.

50 అన్న అంకె కూడా పోయింది. కాఫీ, మిరియాల డబ్బు చేతికొచ్చే నెలల్లో అది సులువే, వానాకాలంలో కష్టం. ఆ నెలల్లో కట్టలేని మనిషికి గోడ చూస్తేనే చిన్నతనంగా ఉంటుంది. ఎంత కట్టాలో సంఘం కూర్చుని తేల్చుకోవచ్చు.

చివరికి నిలిచింది ఇది:

"మన పొదుపు మన సంఘంలో,
మన లెక్క మన చేతిలో.
రండి అక్కా, మీ చోటు ఉంచాం.
సంత మరునాడు, సాయంత్రం."

"చోటు ఉంచాం" అని రాసే ముందు నిజంగా చోటుందా అని అడిగాం. పదిహేను వరకు తీసుకుంటామనీ, ఇంకా వస్తే రెండో సంఘం పెట్టిస్తామనీ తీర్మానం పుస్తకంలో రాశాకే బ్రష్ పట్టాం.

ఇక గోడ. ఇంటి మట్టిగోడ వద్దన్నారు, పండక్కి మళ్లీ అలికేస్తారు కదా. బోరింగు ఎదురుగా ఉన్న సిమెంటు గోడకు ఊరి పెద్దల్ని అడిగి, రెండుసార్లు సున్నం వేశాం. రంగు పొడిలో ముంచిన దారాన్ని లాగి గీతలు కొట్టాం. ఆరంగుళాల అక్షరాలైతే బోరింగు దగ్గర నిలబడి చదవొచ్చు. తెలుగుకు కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కాబట్టి రెండు వరుసల మధ్య దాదాపు అక్షరమంత ఖాళీ వదలాలి. మాకది ముందు తోచక "లెక్క" కింది ఒత్తు మూడో వరుస మీద పడింది, ఆ రెండు వరుసలూ చెరిపి మళ్లీ రాశాం. ఇంకో తమాషా, మా పిల్ల ఒకతి "పొదుపు"ని "పొడుపు" అని రాసింది. ఊరంతా నవ్వారు. అందుకే ముందు సుద్దతో రాసి, ఇద్దరి చేత పైకి చదివించి, ఆ తర్వాతే రంగు వేయాలి.

ఇప్పుడు సంఘంలో పద్నాలుగు మంది ఉన్నారు. వచ్చినవాళ్లలో ఒకావిడ "మా అమ్మాయి చదివి చెప్పింది" అంది. గోడ అడుగున వాన నీళ్లు చింది, "సంత మరునాడు" సగం పోయింది. దసరా సెలవుల్లో ఒక జానెడు పైకి జరిపి రాయాలి. సున్నం కలపడానికి మీలో ఇద్దరు రండి.