చేతిఖర్చులోంచి పెట్టుబడి: మొత్తం కంటే ముందు చూడవలసినవి

(విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీలో కొందరికి ఇంటి నుంచి నెలకు రెండు మూడు వేలు చేతిఖర్చు వస్తుంది. ఇంటర్న్‌షిప్ చేస్తున్నవారికి ఎనిమిది వేలో పది వేలో స్టైపెండ్ ముడుతుంది. ఇందులోంచి అయిదు వందలు మిగిల్చి పెట్టుబడి పెట్టాలనుకునేవారు నన్ను మొదట అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఏ ఫండ్‌లో ఎక్కువ వస్తుంది?" ప్రశ్న సహజమే. కానీ అయిదు వందల దగ్గర ఆ ప్రశ్నకు ఎంత విలువ ఉందో ఒకసారి లెక్క వేసి చూద్దాం.

ఒక విద్యార్థి నెలకు 500 రూపాయల చొప్పున మ్యూచువల్ ఫండ్‌లో వాయిదా పెట్టుబడి, అంటే సిప్, ప్రారంభించాడనుకోండి. ఏడాదికి 6,000 పెడతాడు. ఫండ్ ఏటా 8 శాతం పెరిగితే సంవత్సరాంతానికి అతని చేతిలో సుమారు 6,265 ఉంటుంది. 12 శాతం పెరిగితే సుమారు 6,405. నిజానికి షేర్ల ఫండ్ ఏటా ఇలా సమానంగా పెరగదు, కొన్నేళ్లు తగ్గుతుంది కూడా. లెక్క సులువుగా ఉండటానికే ఈ అంకెలు తీసుకున్నాను. మామూలు ఫండ్‌కూ మంచి ఫండ్‌కూ మధ్య మొదటి ఏడాది తేడా 140 రూపాయలు. దీని కోసం మన పిల్లలు రాత్రుళ్లు వీడియోలు చూస్తున్నారు.

ఇప్పుడు రెండో వైపు చూడండి. సిప్ సొమ్ము నెలనెలా మీ బ్యాంకు ఖాతా నుంచి దానంతట అదే వెళ్లేలా మీరు ముందుగా అనుమతి ఇస్తారు. దాన్ని మ్యాండేట్ అంటారు. చెప్పిన తేదీన ఖాతాలో సొమ్ము లేకపోతే ఆ వాయిదా తిరిగి వస్తుంది. ఫండ్ సంస్థ సాధారణంగా జరిమానా వేయదు. బ్యాంకు వేస్తుంది. రుసుము బ్యాంకును బట్టి మారుతుంది. 250 రూపాయలు అనుకుందాం. దానిపై 18 శాతం జీఎస్‌టీ కలిపితే 295. ఒక్కసారి వాయిదా తప్పినందుకు పోయిన సొమ్ము, మంచి ఫండ్ వెతికినందువల్ల ఏడాదంతా వచ్చే అదనపు లాభానికి రెట్టింపు. రెండుసార్లు తప్పితే 590. 12 శాతం పెరిగినా ఆ ఏడాది వచ్చే లాభం 405 మాత్రమే. అంటే అసలులోంచే పోయినట్టు.

ఇక్కడ ఇంకో చిక్కు ఉంది. ఈ రుసుము ఫండ్ ఖాతాలో కనిపించదు. అక్కడ "ఒక వాయిదా జమ కాలేదు" అని మాత్రమే ఉంటుంది. బ్యాంకు స్టేట్‌మెంటు తెరిచి ECS, NACH, RTN అనే అక్షరాలున్న కోతల కోసం చూడండి. కనీస నిల్వ లేనందుకు వేసే రుసుము కూడా అక్కడే ఉంటుంది. ఆ రుసుము పడే ఖాతా అయితే, కనీస నిల్వ అవసరం లేని ప్రాథమిక పొదుపు ఖాతాకు మారడం మీరు చేయగల మొదటి పెట్టుబడి.

వాయిదా ఎందుకు తప్పుతుంది? బద్ధకం వల్ల కాదు, తేదీ వల్ల. స్టైపెండ్ ఒకటో తారీఖున వస్తుందని ఎవరో చెబితే అయిదో తారీఖు పెట్టుకుంటారు. ఆ నెల అది తొమ్మిదిన వస్తుంది. ఇంటర్న్‌ల స్టైపెండ్ అన్నిచోట్లా ఆలస్యమయ్యేదే. కాబట్టి మొదట రెండు మూడు నెలలు సొమ్ము నిజంగా ఖాతాలో పడిన తేదీలను రాసుకోండి. అన్నిటికంటే ఆలస్యంగా పడిన తేదీకి మూడు నాలుగు రోజులు కలిపి సిప్ తేదీ ఎంచుకోండి. పైగా ఒక నెల వాయిదాకు సరిపడే 500 రూపాయలను ఎప్పుడూ ఖాతాలో కదపకుండా ఉంచండి. ఆలస్యమైన నెలలో వాయిదాను కాచేది అదే.

మన ఇళ్లలో అమ్మలకు ఈ విద్య తెలుసు. చిట్టీ వాయిదా రోజు వారికి ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. కట్టకపోతే నిర్వాహకురాలు తలుపు తడుతుంది, నలుగురిలో మాట పోతుంది. చిట్టీలో క్రమశిక్షణ ఇరుగుపొరుగు నుంచి వస్తుంది. సిప్‌లో తలుపు తట్టేవారు లేరు. వరుసగా మూడు వాయిదాలు తప్పితే చాలా సందర్భాల్లో అది చప్పుడు లేకుండా రద్దయిపోతుంది.

రెండో అలవాటు, పెట్టుబడి సొమ్మును అవసరాల సొమ్ముతో కలపకపోవడం. పరీక్ష ఫీజు, ఫోను మరమ్మతు, ఊరికి వెళ్లే బస్సు చార్జీ, ఇవి వచ్చే తేదీలు మనకు దాదాపు తెలిసినవే. వీటికి మూడు నాలుగు వేలు విడిగా చేరేవరకు షేర్ల ఫండ్ జోలికి వెళ్లకండి. లేకపోతే మార్కెట్టు పడిపోయిన నెలలోనే మీకు ఫీజు కట్టవలసి వస్తుంది, నష్టానికి అమ్ముకుంటారు. ఏడాది లోపు తీసుకుంటే చాలా షేర్ల ఫండ్‌లు ఒక శాతం వరకు నిష్క్రమణ రుసుము కూడా కోస్తాయి.

వడ్డీ సంగతి అడుగుతారని తెలుసు. వడ్డీ వ్యాపారం, మద్యం వంటి రంగాలను, అప్పు ఒక పరిమితి మించిన కంపెనీలను వదిలి షేర్లు కొనే షరియా ఆధారిత ఫండ్‌లు మన దేశంలో కొద్దిగానే ఉన్నాయి. టాటా ఎథికల్ ఫండ్ అటువంటిది. వీటిలో బ్యాంకుల షేర్లు ఉండవు గనుక, బ్యాంకు షేర్లు బాగా పెరిగిన ఏడాదిలో ఇవి వెనుకబడవచ్చు. అది ముందే తెలిసి ఉంటే, ఆ ఏడాది కంగారుపడి ఫండ్ మార్చరు. ధార్మిక సందేహాలుంటే మీరు నమ్మే ఆలింను అడగండి, అది నా పరిధి కాదు. ఏ ఫండ్ అయినా "డైరెక్ట్" ప్లాన్ ఎంచుకోండి. అందులో మధ్యవర్తికి కమిషన్ పోదు.

500 రూపాయలకు ఏడాదికి 400 వస్తే ఏం లాభమని కొందరు ఫ్యూచర్స్, ఆప్షన్స్ వైపు వెళుతున్నారు. 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాలలో ఆ వ్యాపారం చేసిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం నష్టపోయారని సెబీ అధ్యయనమే తేల్చింది. దీని గురించి ఇంకా చెప్పవలసింది నాకు కనిపించదు.

అయితే ఇంత చిన్న మొత్తం దేనికి? న్యాయమైన ప్రశ్నే. మూడేళ్లు నెలకు 500 పెడితే అసలు 18,000 అవుతుంది. రేపు ఉద్యోగం వచ్చి నెలకు 5,000 పెట్టగలిగితే, నాలుగు నెలల్లో ఆ మొత్తాన్ని దాటేస్తారు. కాబట్టి ఈ మూడేళ్లలో కూడేది సొమ్ము కాదనే చెప్పాలి. జీతం పడగానే ముందు వాయిదా, తర్వాత ఖర్చు అనే వరుస చేతికి అలవడుతుంది. పడిన మార్కెట్టును 18,000 మీద చూసినవాడు, 5 లక్షల మీద చూసినప్పుడు అంతగా బెదరడు. కానీ ఈ వరుస నిలవాలంటే మొదటి జీతం వచ్చిన నెలలోనే వాయిదా పెంచాలి. రెండో నెలకు ఖర్చులు జీతానికి సరిపడా పెరిగిపోతాయి.

చివరగా, ఇంటర్న్‌షిప్ ముగిసే నెల గురించి. ఎక్కువ వాయిదాలు తప్పేది అప్పుడే. స్టైపెండ్ ఆగుతుంది, మ్యాండేట్ ఆగదు. ఆఖరి స్టైపెండ్‌కు కనీసం రెండు వారాల ముందే ఫండ్ యాప్‌లో సిప్‌ను కొన్ని నెలలు నిలుపుదల చేయండి. ఆ సదుపాయం లేకపోతే రద్దు చేయండి. రద్దు చేసినంత మాత్రాన అప్పటికి పెట్టిన సొమ్ము ఎక్కడికీ పోదు, ఫండ్‌లోనే ఉంటుంది. రద్దయినట్టు వచ్చిన సందేశాన్ని దాచుకోండి, తర్వాతి వాయిదా తేదీన బ్యాంకు ఖాతా ఒకసారి తెరిచి చూడండి.