వజ్రం, గ్రాఫైటు: ఒకే కర్బనం, రెండు తీర్లు

వజ్రం, పెన్సిల్లోని గ్రాఫైటు రెండూ కర్బనమేనని బడిలో చదువుకున్నదే. 1797లోనే స్మిత్‌సన్ టెన్నంట్ వజ్రాన్ని కాల్చి, అంతే బరువున్న బొగ్గు ఎంత కార్బన్ డయాక్సైడ్ ఇస్తుందో ఇదీ అంతే ఇస్తుందని చూపించాడు. మరి గట్టిదనంలో ఇంత తేడా ఎందుకో చెప్పమని రేడియో వారు అడిగారు.

వజ్రంలో పరమాణువుల పట్టు ఎక్కువని, గ్రాఫైటులో తక్కువని చాలామంది అనుకుంటారు. నిజం తిరగబడి ఉంది. గ్రాఫైటు పొరలో పక్కపక్క పరమాణువుల మధ్య దూరం 1.42 ఆంగ్‌స్ట్రామ్‌లు, వజ్రంలో 1.54. అంటే గ్రాఫైటు బంధమే పొట్టిది, బలమైనది. అయితే ఆ బలమంతా పొర లోపలే. ప్రతి పరమాణువూ తన పొరలోని ముగ్గురినే పట్టుకుంటుంది. పై పొర 3.35 ఆంగ్‌స్ట్రామ్‌ల దూరాన, పట్టీ పట్టనట్టు ఉంటుంది. విస్తరాకుల కట్టలా పక్కకు తోస్తే జారిపోతుంది. కాగితం మీద పెన్సిల్ గీసే గీత అలా ఊడిన పొరల ముక్కలే.

మా నాన్నగారు తాళంకప్ప బిగుసుకుంటే నూనె పోయనిచ్చేవారు కాదు. మెత్తటి పెన్సిల్ ముల్లును బ్లేడుతో గీకి, ఆ నల్లపొడిని తాళంచెవికి పట్టించి, లోపల పెట్టి నెమ్మదిగా తిప్పేవారు. పొరలు జారేవి, తాళం వచ్చేసేది. ఇప్పుడు ఎవరింట చూసినా కొబ్బరినూనే. దానికి దుమ్ము పట్టి, జిడ్డు పేరుకుని, నాలుగు నెలల్లో తాళం మళ్లీ మొరాయిస్తుంది. ఇంత చక్కటి పద్ధతిని వదులుకోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

ఈ జారుడులో ఇంకో కిటుకుంది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు బాగా ఎత్తుకు వెళ్లినప్పుడు జనరేటర్లలోని గ్రాఫైటు బ్రష్‌లు చూస్తుండగానే పొడి అయిపోయేవి. అక్కడి గాలిలో తేమ లేకపోవడమే కారణం. పొరల అంచుల్లో తెగిన బంధాలను నీటి ఆవిరి కప్పి ఉంచితేనే పొరలు ఒకదాన్నొకటి పట్టుకోకుండా జారతాయి. పొరల మధ్య పట్టు సడలి ఉన్నంత మాత్రాన చాలదన్నమాట.

వజ్రానికి ఇక కొద్ది సమయమే మిగిలింది. అందులో ప్రతి పరమాణువూ నలుగురిని నాలుగు దిక్కులా పట్టుకుంటుంది. జారే పొర అంటూ లేదు. గీత పడాలంటే బంధాలు తెగాల్సిందే. అలాగని సుత్తి దెబ్బకు తట్టుకుంటుందనుకోకండి. కొన్ని తలాల మీదుగా దాటే బంధాలు తక్కువ, దెబ్బ అటు పడితే నున్నగా రెండుగా చీలుతుంది. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. తొలకరి వానలకు వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో రాళ్లు వెతికేవారికి నా మనవి ఒక్కటే: దొరికిన రాయిని సుత్తితో పరీక్షించకండి.