అమరాన్ బ్యాటరీల కంపెనీ ఫర్నిచర్ లిస్టులోకి ఎలా వస్తుంది?

మంగళగిరి నుంచి మాట్లాడుతున్నా. మన బైకుల్లో కనిపించే అమరాన్ బ్యాటరీ తెలుసు కదా? తిరుపతి దగ్గర అమరరాజా వాళ్లు చేస్తారు. ఆ కంపెనీ రిజిస్ట్రేషన్ నంబర్ ఇదీ:

L31402AP1985PLC005305

మొదటి ఎల్ అంటే స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ. తర్వాతి ఐదు అంకెలు, 31402, పరిశ్రమ కోడ్. ఆపైన రాష్ట్రం, పుట్టిన ఏడాది.

ఇప్పుడు మన జాతీయ పరిశ్రమల వర్గీకరణ, అంటే ఎన్ఐసీ 2008 పట్టిక తెరిచి 31 చూడండి. ఫర్నిచర్ తయారీ అని ఉంటుంది! బ్యాటరీలేమో 27లో ఉన్నాయి.

కోడ్ తప్పా? కాదు. అది పాత, 2004 పట్టిక కోడ్. అందులో 314 అంటే బ్యాటరీలే. పట్టిక మారింది, నంబర్ మారలేదు. 2023లో కంపెనీ పేరు మార్చుకున్నా ఆ అంకెలు అలాగే ఉన్నాయి. ఏ డేటాబేస్ అయినా వాటిని కోసి కొత్త పట్టికతో జత చేస్తే బ్యాటరీ కాస్తా కుర్చీ అయిపోతుంది.

స్టాక్ ఎక్స్ఛేంజీలో చూస్తే మళ్లీ ఇంకోటి: ఆటో విడిభాగాలు. అదీ తప్పు కాదండీ. ఎన్ఐసీ అడిగేది ఏం తయారు చేస్తున్నావని. ఎక్స్ఛేంజీ చూసేది డబ్బు ఎక్కువగా ఏ వ్యాపారం నుంచి వస్తోందని. టెలికాం టవర్లకీ, యూపీఎస్‌లకీ కూడా వీళ్లు బ్యాటరీలు అమ్ముతారు, కానీ అక్కడ కంపెనీకి ఒకే గది.

అందుకే యాప్‌లో సెక్టార్ ఫిల్టర్ కొట్టి షేర్లు ఏరేముందు వార్షిక నివేదికలో బీఆర్ఎస్ఆర్ భాగం తెరవండి. ప్రధాన ఉత్పత్తులు, వాటి ఎన్ఐసీ కోడ్, అమ్మకాల్లో ఒక్కోదాని శాతం అక్కడ పక్కపక్కనే ఉంటాయి.