జవాబు రాని 1839 మంది



పట్టాలు అందుకునే గణాంకశాస్త్ర విద్యార్థుల ముందు ఈ వేదిక మీద నిలబడినవాళ్లు మామూలుగా జీవితం గురించి మాట్లాడతారు. జీవితం గురించి మీకంటే నాకు ఎక్కువ తెలుసని నేననుకోను. సర్వే ఫారాల గురించి మాత్రం కాస్త తెలుసు. కాబట్టి ఒక చిన్న పట్టిక మీ ముందు పెట్టి, దాని గురించే మాట్లాడతాను.

కాక్రన్ రాసిన శాంప్లింగ్ టెక్నిక్స్ మీరంతా తిరగేసే ఉంటారు. జవాబు ఇవ్వనివాళ్ల సంగతి ఆ పుస్తకంలో చివరి అధ్యాయంలో వస్తుంది. అక్కడికి చేరేలోపే సెమిస్టరు అయిపోతుంది, పరీక్షలో ఆ ప్రశ్న రాదు. నేను చెప్పే పట్టిక ఆ అధ్యాయంలోనిదే.

1946లో అమెరికాలోని నార్త్ కరొలైనా రాష్ట్రంలో పండ్లతోటల రైతులకు పోస్టులో ఫారాలు పంపారు. మొత్తం 3116 మంది రైతులు. మొదటి ఉత్తరానికి 300 మంది జవాబిచ్చారు. వాళ్లకు సగటున 456 చెట్లున్నాయి. రెండో ఉత్తరం వేస్తే మరో 543 మంది స్పందించారు, వాళ్ల సగటు 382. మూడో ఉత్తరానికి 434 మంది, సగటు 340. మూడు ఉత్తరాలు వేసినా ఉలుకూ పలుకూ లేనివాళ్లు 1839 మంది మిగిలారు. అంటే నూటికి 59 మంది.

మామూలుగా ఇక్కడితో కథ ఆగిపోతుంది. ఫారం నింపినవాళ్ల లెక్క చేతికొస్తుంది, నింపనివాళ్ల సంగతి ఎవరికీ తెలియదు. ఈ సర్వేలో విశేషం ఏమిటంటే, రైతులందరి చెట్ల లెక్కా విడిగా అందుబాటులో ఉంది. అందుకని జవాబివ్వని 1839 మందికి సగటున 290 చెట్లున్నట్టు తేలింది. అందరినీ కలిపితే అసలు సగటు 329.

ఇప్పుడు ఈ సర్వే నడిపిన మనిషి స్థానంలో మిమ్మల్ని ఊహించుకోండి. మొదటి ఉత్తరంతో ఆపేసి ఉంటే 456 అని నివేదిక రాసేవారు. రెండు ఉత్తరాల తర్వాత సగటు 408కి దిగుతుంది, మూడింటి తర్వాత 385కి. పోస్టు ఖర్చు పెట్టి, ఓపిక పట్టి, మూడు విడతలు చేసినా అసలు అంకె కంటే ఇంకా 56 చెట్లు ఎక్కువే. చెట్లు ఎక్కువున్న రైతుకు ఆ ఫారం తన పనికి సంబంధించిందిగా కనిపించి ఉంటుంది. పెరట్లో నాలుగు చెట్లున్నవాడికి అది తనకోసం కాదనిపించి ఉంటుంది. కారణం ఏదైనా, శాంపిల్‌ను పదింతలు చేసినా ఈ తేడా పోదు. పెద్ద శాంపిల్ తీసుకుంటే తప్పు అంకె మీద నమ్మకం మాత్రం పెరుగుతుంది.

అదే 1946లో అమెరికా సెన్సస్ బ్యూరోలో పనిచేస్తున్న మోరిస్ హాన్సెన్, విలియం హర్విట్జ్ ఒక వ్యాసం రాశారు. వాళ్ల ఆలోచన వినడానికి చాలా సాదాగా ఉంటుంది. ముందు అందరికీ చవకైన పద్ధతిలో, పోస్టులో, ఫారాలు పంపండి. జవాబు రానివాళ్ల జాబితా తీయండి. అందరి వెంటా పడకండి, అంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు. ఆ జాబితాలోంచి యాదృచ్ఛికంగా కొందరిని ఎంచుకుని, వాళ్ల ఇళ్లకు మనుషులను పంపండి. వాళ్లను మాత్రం ఎలాగైనా పట్టుకోండి. ఆ కొద్దిమంది జవాబు ఇవ్వనివాళ్లందరి తరఫునా మాట్లాడతారు.

మన రైతుల మీద దీన్ని చేసి చూద్దాం. 1839 మందిలో మూడింట ఒకరిని, అంటే 613 మందిని ఎంచి, వాళ్ల దగ్గరికి వెళ్లామనుకుందాం. వాళ్ల సగటు 290 దగ్గరే వచ్చిందనుకోండి. నిజంగా చేస్తే కొన్ని చెట్లు అటో ఇటో ఉంటుంది. ఆ ఊగిసలాట ఎంతో లెక్కగట్టడం మీకు వచ్చు, దాని గురించి నాకు బెంగ లేదు. జవాబిచ్చిన 41 శాతానికి 385, ఇవ్వని 59 శాతానికి 290 వేసి కలపండి. 329 వస్తుంది. అసలు అంకె అదే.

ఇక్కడే ఎక్కువమంది జారిపడతారు. ఆఫీసులో డేటా ఎంట్రీ చేసేవాళ్లు 1277 ఫారాలూ, కొత్తగా వచ్చిన 613 ఫారాలూ ఒకే ఫైల్లో పోసి సగటు తీస్తారు. అప్పుడు 354 వస్తుంది. అంత తిరుగుడు తిరిగి, సగం తప్పును మళ్లీ ఇంటికి తెచ్చుకున్నట్టవుతుంది. ఆ 613 మందిలో ఒక్కొక్కరూ ముగ్గురికి ప్రతినిధి. కాబట్టి ఒక్కొక్కరికి మూడు వెయిట్ వేయాలి. ఫైల్లో ఆ ఒక్క కాలమ్ ఉందో లేదో చూస్తే చాలు, ఆ సర్వే చేసినవాళ్లకు పని తెలుసో లేదో తెలిసిపోతుంది.

మూడింట ఒకరే ఎందుకు, పదింట ఒకరు ఎందుకు కాదు అని మీరడగాలి. హాన్సెన్, హర్విట్జ్ గొప్పతనం నిజానికి ఈ ప్రశ్నకు జవాబు చెప్పడంలోనే ఉంది. మన రూపాయల్లో ఒక లెక్క ఊహిద్దాం. ఫారం పంపడానికి 20 రూపాయలు, వచ్చిన ఫారాన్ని సరిచూసి ఎక్కించడానికి 30, మనిషిని ఇంటికి పంపి జవాబు రాబట్టడానికి 800. నూటికి 41 మంది పోస్టులోనే జవాబిస్తారు, రెండు గుంపుల్లోనూ హెచ్చుతగ్గులు ఒకేలా ఉన్నాయి అనుకుంటే, వాళ్ల సూత్రం ప్రకారం జవాబివ్వని ప్రతి ముగ్గురిలో సుమారుగా ఒకరి దగ్గరికి వెళ్లడం లాభసాటి. సూత్రంలో ఖర్చు వర్గమూలం కింద ఉంటుంది. ఇంటికి వెళ్లే ఖర్చు నాలుగింతలై 3200కు చేరినా, ఆరుగురిలో ఒకరి దగ్గరికి వెళ్తే సరిపోతుంది. 1839 మంది వెంటా తిరిగితే 14 లక్షల 70 వేలు అయ్యేది, 613 మందితో 4 లక్షల 90 వేలలో పని అవుతుంది. అమెరికన్ కమ్యూనిటీ సర్వే ఇప్పటికీ ఈ దారిలోనే నడుస్తోంది. పోస్టుకూ ఇంటర్నెట్టుకూ దొరకని ఇళ్లలో ఇంచుమించు మూడింట ఒకదాన్ని ఎంచి, అక్కడికి మనుషులను పంపుతుంది. జవాబులు తక్కువ వచ్చే ప్రాంతాల్లో ఇంకా ఎక్కువ ఇళ్లకు వెళ్తుంది.

కాగితం మీద ఇదంతా బాగానే ఉంటుంది. వీధిలోకి దిగితే ఏమవుతుందో చెప్తాను, ఎందుకంటే మీలో చాలామందికి రాబోయే ఉద్యోగం అదే.

జాబితాలోంచి ఎవరిని ఎంచాలో ఫీల్డుకు వదిలేయకూడదు. ఆఫీసులోనే, ఎవరూ బయల్దేరకముందే, యాదృచ్ఛిక సంఖ్యలతో ఎంపిక చేసి పేర్లు ఖాయం చేయాలి. లేకపోతే బస్‌స్టాండుకు దగ్గరున్న ఇళ్లే ఎంపికవుతాయి. ఈ పనికి కొత్తగా చేరినవాళ్లను కాదు, మీ దగ్గరున్న అందరికంటే అనుభవమున్న ఎన్యూమరేటర్లను పంపండి. ఉదయం పదకొండింటికి వెళ్లి తాళం చూసి తిరిగొచ్చినవాళ్లను, అదే పదకొండింటికి మళ్లీ పంపడం వృథా. అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ను ఏ వేళకు ఇంట్లో ఉంటారో అడగాలి, ఒకసారి ఆదివారం పొద్దున, మరోసారి రాత్రి ఎనిమిదింటికి వెళ్లాలి. ముప్పై పేజీల షెడ్యూలు పట్టుకెళ్లకండి, అసలు కావలసిన పది ప్రశ్నలే అడగండి. ఒక్కోసారి చూస్తే ఆ ఇల్లే ఖాళీగా ఉంటుంది, లేదా ఆ రైతు తోట అమ్మేసి ఊరు వదిలి ఉంటాడు. వాళ్లు జవాబివ్వనివాళ్లు కారు, అసలు జాబితాలో ఉండకూడనివాళ్లు. వాళ్లను విడిగా రాయాలి. ఆ 59 శాతం అనే అంకే అప్పుడు మారిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా, ఈ రెండో విడతలో బదులు ఇల్లు అనే మాటే ఉండకూడదు. మన నేషనల్ శాంపిల్ సర్వేలో ఎంపికైన ఇల్లు దొరకకపోతే బదులుగా ఇంకో ఇంటిని తీసుకునే వీలుంది. ఎందుకు మార్చారో షెడ్యూల్లో కోడ్ వేయాలి: జవాబు చెప్పేవారు పనిలో ఉన్నారు, ఇంట్లోవాళ్లు ఊళ్లో లేరు, సహకరించలేదు. శాంపిల్ సంఖ్య తగ్గకుండా ఇది కాపాడుతుంది. కానీ దొరకని ఇంటికి బదులు దొరికే ఇల్లే వస్తుంది. గేటెడ్ కమ్యూనిటీలో తలుపు తీయని కుటుంబం ఖర్చు, తలుపు తీసిన పక్క కుటుంబం ఖర్చు ఒకటే అని మనం ఎక్కడా నిరూపించలేదు. ఆ కోడ్లు ఊరికే కట్టలు కట్టి అటక మీద పెట్టడానికి కాదు. అదే జాబితా తీసుకుని, అందులోంచి కొన్ని ఇళ్లను ఎంచి గట్టిగా వెంటపడితే, బదులు ఇళ్ల వల్ల వచ్చిన తేడా ఎంతో తేలుతుంది.

ఎంత వెంటపడినా కొందరు దొరకరు. ఈ పద్ధతికున్న అసలు హద్దు ఇదే. 613 మందిలో 500 మంది మాట్లాడారు, 113 మంది మాట్లాడలేదు అనుకోండి. ఆ 113 మంది 339 మంది తరఫున ఉన్నారు, అంటే మొత్తం రైతుల్లో దాదాపు 11 శాతం. తెలియని భాగం 59 శాతం నుంచి 11 శాతానికి తగ్గింది. ఈ చివరివాళ్లకు, మనకు దొరికిన 500 మంది కంటే సగటున వంద చెట్లు తక్కువున్నాయనుకున్నా, మొత్తం సగటు 11 చెట్లు మాత్రమే కదులుతుంది. మొదట మన తప్పు 56 చెట్లు, అదీ మనకు తెలియని తప్పు. ఇప్పుడు మిగిలిన తప్పుకు ఒక గట్టు కట్టగలిగాం. అలాగే పోస్టులో రాసిన జవాబుకూ, ఎదురుగా మనిషి కూర్చుని అడిగితే చెప్పే జవాబుకూ తేడా రావచ్చు. చెట్ల లెక్కలో అది తక్కువ. మద్యం, అప్పులు, ఆదాయం అడిగినప్పుడు ఎక్కువ. రెండు గుంపుల మధ్య కనిపించే తేడాలో ఎంత మనుషులదో, ఎంత అడిగిన పద్ధతిదో ఈ లెక్క విడదీసి చెప్పదు.

ఇంకొక మాట. జవాబులు తక్కువైతే ఫలితం తప్పేనని కూడా అనుకోకండి. 1997లో ప్యూ సంస్థ ఒకే ప్రశ్నలతో రెండు టెలిఫోన్ సర్వేలు చేసింది. ఒకటి అయిదు రోజుల్లో ముగించి 36 శాతం జవాబులు తెచ్చుకుంది. రెండోది ఎనిమిది వారాలు పట్టుబట్టి 60 శాతం దాటింది. చాలా ప్రశ్నల్లో ఫలితాలు పెద్దగా మారలేదు. కొన్ని సర్వేల్లో జవాబివ్వకపోవడానికీ అడిగిన విషయానికీ సంబంధం ఉండదు, చెట్ల లెక్కలో లాగా కొన్నిటిలో ఉంటుంది. మీ సర్వే ఏ కోవకు చెందుతుందో జవాబుల శాతం చూసి చెప్పలేరు. జవాబివ్వనివాళ్లలో కొందరి తలుపు తట్టి చూస్తేనే తెలుస్తుంది.

మీరు రేపు ఏ ప్రభుత్వ శాఖలోనో, సర్వే కంపెనీలోనో చేరి బడ్జెట్ కాగితం ముందు కూర్చుంటారు. శాంపిల్ సంఖ్య పెంచమని పైవాళ్లు అంటారు, ఎందుకంటే ఆ అంకె పత్రికల్లో బాగుంటుంది. మీరు మాత్రం ఆ డబ్బులో కొంత తీసి, జవాబివ్వనివాళ్లలో మూడింట ఒకరి ఇంటికి వెళ్లడానికి పక్కన పెట్టమని అడగండి. నివేదిక రాసేటప్పుడు ఎంతమందిని ఎంచాం, ఎంతమంది పలకలేదు, వాళ్లలో ఎంతమందిని వెతికి పట్టుకున్నాం, ఇంకా ఎంతమంది మిగిలారు అనే నాలుగు అంకెలను మొదటి పేజీలోనే వేయండి.