తెరిచిన పోర్టు ఎవరిని గుర్తుపడుతుంది?

మన ఇంట్లోని ఫోన్లు, టీవీ, కెమెరా అన్నీ బయటికి ఒకే ఐపీ అడ్రసుతో కనిపిస్తాయి. లోపల ఒక్కోదానికి 192.168.1.20 లాంటి అడ్రసు ఉన్నా, అది ఇంటి గడప దాటితే చెల్లదు. మీ ఫోన్ ఏదైనా వెబ్‌సైటును అడిగితే, ఎవరు ఎవర్ని అడిగారో రౌటర్ ఒక పట్టికలో రాసుకుంటుంది. జవాబు రాగానే పట్టిక చూసి ఆ ఫోన్‌కే అందిస్తుంది. దీని పేరే నాట్. ఎవరూ అడక్కుండా బయటి నుంచి వచ్చినదాన్ని ఎవరికివ్వాలో పట్టికలో ఉండదు కాబట్టి రౌటర్ దాన్ని వదిలేస్తుంది. అయితే నాట్‌ను కాపలా కోసం కనిపెట్టలేదు. సుమారు 430 కోట్ల ఐపీ అడ్రసులు లోకానికి చాలవన్న భయంతో కనిపెట్టారు. రక్షణ మనకు కొసరుగా దక్కింది.

ఇప్పుడు ఆఫీసులో కూర్చుని ఇంటి కెమెరా చూడాలనుకున్నారనుకోండి. రౌటర్ పేజీలో, బయట 8554 పోర్టుకు వచ్చినది లోపల 192.168.1.20లోని 554కు పంపమని రాస్తారు. అదే పోర్ట్ ఫార్వర్డింగ్. ఆ వాక్యంలో మీ పేరు ఎక్కడా లేదు, చూడండి. వచ్చినవారు మీరా, మరో ఖండంలోని అపరిచితుడా అని మామూలు ఇంటి రౌటర్ అడగదు. ఇక మిగిలిన కాపలా కెమెరా లాగిన్ ఒక్కటే. ‘పాస్‌వర్డ్ గట్టిగా పెట్టాంగా’ అంటారు. పెట్టాల్సిందే. కానీ 2017లో హిక్‌విజన్ కెమెరాలు కొన్నింటిలో, పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి పోనిచ్చే లోపం బయటపడింది. అలాంటి లోపానికి పాస్‌వర్డ్ ఎంత పొడుగైనా ఒకటే.

‘మా అడ్రసు ఎవరికి తెలుసు?’ అనేవారూ ఉంటారు. తెలియాల్సిన పనే లేదు. ఒక పోర్టు కోసం ఇంటర్నెట్‌లోని ఐపీ అడ్రసులన్నిటినీ ముప్పావుగంటలోపే తట్టి చూడొచ్చని 2013లో మిషిగన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జీమ్యాప్‌తో చూపించారు. 554 బదులు 8554 పెట్టడం వల్ల వెతికేవాడికి కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ‘మేం ఏ పోర్టూ తెరవలేదు’ అన్నవారి మాట మాత్రం ఆలోచించదగినది. యూపీఎన్‌పీ ఆన్‌లో ఉంటే, కెమెరాయే రౌటర్‌ను అడిగి తనకోసం పోర్టు తెరిపించుకోగలదు. ఇంటివారికి కబురు కూడా ఉండదు. రౌటర్‌కు దొరికిన బయటి అడ్రసు 100.64 నుంచి 100.127 వరకు ఉన్న వరుసలోదైతే, ఇంటర్నెట్ ఇచ్చే కంపెనీయే మీపైన మరో నాట్ పెట్టినట్టు. అప్పుడు పాత పద్ధతి ఫార్వర్డింగ్ పనిచేయదు.

అలాంటి మరో నాట్ లేకుండా, దూరం నుంచి చూడటం తప్పనిసరైతే రౌటర్‌లోనే వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టుకోవచ్చు. అదీ ఒక పోర్టు తెరుస్తుంది, నిజమే. కానీ సరైన తాళపుచెవి లేనివాడికి అది జవాబే ఇవ్వదు, కెమెరా వాడి కంటబడదు. తర్వాత పాత ఫార్వర్డింగ్ తీసేయండి, యూపీఎన్‌పీ ఆపండి. ఫోన్‌లో వైఫై, వీపీఎన్ రెండూ కట్టేసి మొబైల్ డేటా మీద బయటి అడ్రసు, 8554 కొట్టి చూడండి. వీడియో ఇంకా వస్తుంటే, రౌటర్‌లో ఎక్కడో మరో నియమం మిగిలి ఉంది.