అక్కచెల్లెళ్ల ‘సూతా’: గంజి విడిచిన చీర

ముంబయిలో 2016లో మొదలైన ‘సూతా’ అనే చేనేత సంస్థ పేరులో, దానిని స్థాపించిన అక్కచెల్లెళ్లు సుజాతా, తానియా బిశ్వాస్‌ల పేర్ల తొలి అక్షరాలు కలవడమే కాక, దారమనే అర్థమూ ఇమిడి ఉంది. ఆ సంస్థకు గుర్తింపు తెచ్చినది మల్‌మల్, అనగా సన్నని నూలుతో పలుచగా నేసి, గంజి లేకుండా అమ్మే మెత్తని చీర.

నూలు సన్నదనాన్ని నంబరుతో చెబుతారు. 840 గజాల చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే ఆ నూలు నంబరు కనుక, నూరో నంబరు నూలు పౌనుకు 84,000 గజాల పొడవుంటుంది. అంత సన్నని పోగు మగ్గం మీద రాపిడికి నూగు లేచి తెగుతుంది కాబట్టి, పడుగుకు, అంటే నిలువు పోగులకు, గంజి పట్టించక తప్పదు. బెంగాల్‌లోని ఫూలియా ప్రాంతపు నేతగాళ్లు ఇందుకు పేలాల గంజి వాడతారు. ఆ గంజి బట్టలోనే మిగిలితే చీర బిరుసుగా, నిండుగా కనిపిస్తుంది గాని, నేత పలుచనో చిక్కనో ఉతికిన తరువాతనే బయటపడుతుంది. గంజి తీసేసిన చీరలో కుచ్చిళ్లు అంత నిటారుగా నిలవకపోయినా, వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే పోగుల మధ్య ఎడం ఎక్కడ తప్పిందో కొనకముందే తెలుస్తుంది.