అజెండాలో వార్త ఎక్కడుంది?

(వెల్దుర్తిలో విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన వెల్దుర్తిది గ్రామ పంచాయతీ. కౌన్సిల్ సమావేశం చూడాలంటే మాచర్ల వెళ్ళాలి. మన పిల్లల్లో కొందరు పత్రికలకు వార్తలు రాస్తున్నారు కనుక, అజెండాలో అసలు వార్తను ఎలా గుర్తించాలో చెప్పమని కార్యదర్శిగారు అడిగారు. సర్వీసంతా మునిసిపల్ ఆఫీసులో అజెండా కాగితాలు రాసినవాణ్ణి కాబట్టి ఒప్పుకున్నాను.

మా ఆఫీసులో సెక్షన్ల నుంచి ఫైళ్ళు వచ్చిన వరుసలోనే అంశాలు ఎక్కించేవాళ్ళం. అందువల్ల మొదటి అంశమే పెద్ద వార్త అనుకోకూడదు. ప్రతి అంశంలోనూ చివరి మాట చూడండి. 'మంజూరు గురించి' అంటే ఖర్చు ఇంకా కాలేదు. 'ధ్రువీకరించుట గురించి' అంటే పని అయిపోయింది, సభ ఒప్పుకోలు మాత్రమే మిగిలింది. సమావేశం రోజున బల్లమీద పెట్టే 'టేబుల్ అజెండా'ను మరీ జాగ్రత్తగా చదవాలి. దాన్ని చదివే వ్యవధి సభ్యులకే ఉండదు.

ఒక నమూనా చెబుతాను. ఇది ఉదాహరణ కోసం నేను అల్లినది. 'వేసవిలో ట్యాంకర్ల ద్వారా నీటి సరఫరా నిమిత్తం అయిన ఖర్చు రూ. 4,86,000లు ధ్రువీకరించుట గురించి.' ఎక్కడో పద్దెనిమిదో అంశంగా ఉంటుంది. ఫైలు అడిగితే లెక్క తెలుస్తుంది: 60 రోజులు, రోజుకు 9 ట్రిప్పులు, ట్రిప్పుకు రూ. 900. కిందటేడు 30 రోజులు, 6 ట్రిప్పులు, రూ. 800, మొత్తం రూ. 1,44,000. అంటే ఖర్చు మూడు రెట్లు దాటింది. రేటు పెరిగింది వంద రూపాయలే. పెరిగినవి ట్రిప్పులు: 180 నుంచి 540కి. కాబట్టి అడగవలసింది కాంట్రాక్టరు గురించి మాత్రమే కాదు. ఏ వార్డులో బోరు ఎండింది, ఎప్పటినుంచి? ట్రిప్పు రిజిస్టరులో ఆ వీధివారి సంతకాలున్నాయా? ఆ వీధికి వెళ్ళి, ట్యాంకరు రోజూ వచ్చిందా అని ఇద్దరు ముగ్గురిని అడిగితే రిజిస్టరు నిజమో కాదో తేలుతుంది.

సభలో ఆ రోజు ఇద్దరు సభ్యులు కేకలు వేసుకుంటే మర్నాడు పత్రికలో అదే వస్తుంది. పద్దెనిమిదో అంశం నిమిషంలో ఆమోదం పొందుతుంది.

దాన్నిలా రాయండి: 'ట్యాంకర్ల నీటికి ఇప్పటికే ఖర్చు చేసిన రూ. 4.86 లక్షలను కౌన్సిల్ ఆమోదించింది. ఇది కిందటేటికి మూడు రెట్లకు పైగా.' ఆ తరువాత కారణం, అధికారి జవాబు, వ్యతిరేకించినవారి మాట. రుజువు లేనిదే 'కుంభకోణం' అనవద్దు. అజెండా ప్రతిపాదన మాత్రమే. నిర్ణయం తీర్మానంలో ఉంటుంది. అంశం వాయిదా పడవచ్చు, సవరణ జరగవచ్చు. నకలు ఇవ్వకపోతే 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టవచ్చు. దానికి మామూలుగా 30 రోజుల గడువుంది గనుక రేపటి వార్తకు అక్కరకు రాదు, తరువాతి సమావేశానికి వస్తుంది.